సన్నగా ఉన్నవారిలో ఫ్యాటీ లివర్

బరువు సాధారణంగా ఉన్నా, మద్యం అలవాటు లేకున్నా కాలేయ కణాల్లో కొవ్వు పేరుకునే స్థితి ఇది. కోల్‌కతాలోని ఐ.పి.జి.ఎం.ఇ.ఆర్‌కు చెందిన అభిజిత్ చౌధురి తదితరులు పశ్చిమ బెంగాల్ గ్రామీణులపై జరిపిన సర్వే దీన్ని వెలుగులోకి తెచ్చింది. 2010లో వెలువడిన ఆ అధ్యయనంలో 1,911 మందిని పరీక్షించగా 8.7 శాతం మందిలో మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్ కనిపించింది. వారిలో 75 శాతం మంది బి.ఎం.ఐ. 25 కంటే తక్కువే. 54 శాతం మందికి అధిక బరువు గానీ బొజ్జ గానీ లేవు.

చర్మం కింది పొర కొంత కొవ్వునే దాచుకోగలదు. కొందరిలో ఆ సామర్థ్యం తక్కువ కావడంతో మిగులు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలోకి చేరుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి మరింతగా విడుదలై కాలేయాన్ని చేరతాయి.

165 సెం.మీ. ఎత్తు, 60 కిలోల బరువున్న వ్యక్తి బి.ఎం.ఐ. 22. ఆ లెక్క కొవ్వు ఎక్కడుందో చెప్పదు. కాలేయ ఎంజైములు మామూలుగా ఉన్నా జబ్బు ఉండవచ్చు. కొవ్వు కొద్దిగానే ఉంటే అల్ట్రాసౌండ్‌కూ అందకపోవచ్చు. కాబట్టి సన్నగా ఉన్నవారిలోనూ నడుము కొలత, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు కలిపి చూడాలి.