హెల్త్ పాలసీ పోర్ట్ చేస్తున్నారా? ఈ లెటర్ ఇవ్వకపోతే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చాలా ఇళ్లలో అమ్మానాన్నల హెల్త్ పాలసీకి గల్ఫ్‌లో ఉన్న కొడుకే ప్రీమియం కడుతుంటాడు. కంపెనీ మార్చేటప్పుడు ఇక్కడి ఏజెంట్ దాన్ని 'కొత్త పాలసీ'గా నింపేస్తే, పాత కంపెనీలో గడిచిన వెయిటింగ్ పీరియడ్ లెక్కలోకి రాదు. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు మళ్లీ మొదటి నుంచి ఆగాల్సిందే.

ఎప్పుడు అడగాలి?
రెన్యువల్ తేదీకి 60 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందు వరకు. సెప్టెంబర్ 15న రెన్యువల్ ఉంటే జులై 17 నుంచి ఆగస్టు 1 లోపు అన్నమాట. కొడుకు పేరు మీద పాలసీ ఉంటే, రిక్వెస్ట్ కూడా ఆయన రిజిస్టర్డ్ మెయిల్ నుంచే పంపడం మంచిది.

క్రెడిట్ ఎంత వస్తుంది?
ఉదాహరణకు కోరుట్లలో ఓ తండ్రికి 5 లక్షల పాలసీ ఉంది. షుగర్‌కు 36 నెలల వెయిటింగ్‌లో 24 నెలలు అయిపోయాయి. ఇప్పుడు అదే వెయిటింగ్ ఉన్న 10 లక్షల పాలసీకి పోర్ట్ అయ్యారు. పాత 5 లక్షల వరకు ఇంకా 12 నెలలు ఆగితే చాలు. పెంచిన 5 లక్షలకు మాత్రం పూర్తి 36 నెలలు ఆగాలి. 2024 ఏప్రిల్ నుంచి ఐఆర్‌డీఏఐ రూల్స్ ప్రకారం పాత జబ్బులకు 36 నెలలకు మించి వెయిటింగ్ పెట్టకూడదు.

లెటర్ ఇలా రాయండి
"అయ్యా, నా పాలసీ నంబర్ ____. మొదటిసారి తీసుకున్న తేదీ ____. అప్పటి నుంచి బ్రేక్ లేకుండా రెన్యువల్ చేస్తున్నాను. బీమా మొత్తం ____, బోనస్ ____. దీన్ని మీ ____ పాలసీలోకి పోర్ట్ చేయండి. 30 రోజుల వెయిటింగ్, నిర్దిష్ట జబ్బుల వెయిటింగ్, పాత జబ్బుల వెయిటింగ్‌లో ఇప్పటికే పూర్తయిన కాలానికి ప్రతి సభ్యుడికీ క్రెడిట్ ఇచ్చి, ఆ వివరాలు పాలసీ షెడ్యూల్‌లో రాయండి. పాత పాలసీలు, క్లెయిమ్ వివరాలు జత చేశాను."

దీంతోపాటు పోర్టబిలిటీ ఫామ్, ప్రపోజల్ ఫామ్ కూడా నింపాలి. పాత జబ్బులు, క్లెయిమ్‌లు దాచొద్దు. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది.

కొత్త కంపెనీ 'నో' అంటే?
అనొచ్చు. వయసు, ఆరోగ్యం చూసి తిరస్కరించే హక్కు దానికి ఉంది. అందుకే రాతపూర్వకంగా 'ఓకే' వచ్చేదాకా పాత పాలసీని వదలొద్దు. గడువు దగ్గరపడినా జవాబు రాకపోతే పాతదాన్నే రెన్యువల్ చేసుకోండి. బ్రేక్ పడితే సంపాదించుకున్న క్రెడిట్ పోతుంది.

పాలసీ చేతికొచ్చాక ఇది చూడండి
షెడ్యూల్‌లో మొదటి పాలసీ తేదీ పాతదే ఉండాలి. ఈ ఏడాది తేదీ కనిపిస్తే క్రెడిట్ ఇవ్వనట్టే లెక్క. వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించుకోండి. వినకపోతే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నెల రోజుల్లో పరిష్కారం దొరక్కపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. అక్కడ ఈ లెటర్ కాపీనే మీ ఆధారం.