నష్ట నివారణ బాధ్యత

ఒప్పందం భంగమైనప్పుడు నష్టపోయినవారు ఆ నష్టం పెరగకుండా సహేతుకంగా ప్రయత్నించాలనే సూత్రం. భారత కాంట్రాక్టు చట్టం (1872) 73వ సెక్షన్ వివరణలో దీనికి ఆధారం ఉంది: నష్టాన్ని లెక్కించేటప్పుడు, ఇబ్బందిని తొలగించుకునే మార్గాలు ఏమున్నాయో కూడా చూడాలి. 1961లో మురళీధర్ చిరంజీలాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది.

ఉదాహరణకు, సిరిసిల్లలో నెలకు రూ.8,000 అద్దెకు మరమగ్గాల షెడ్డు తీసుకున్న ఆసామిని, గడువు ఇంకా 10 నెలలుండగా యజమాని అక్రమంగా ఖాళీ చేయించాడనుకుందాం. వెతికితే నెలలోపు రూ.10,000కు అలాంటి షెడ్డే దొరికేది. అప్పుడు అతనికి రావలసింది మిగిలిన 9 నెలల అద్దె తేడా రూ.18,000, మగ్గాలు తరలించిన ఖర్చు, మగ్గాలు ఆగిన నెల లాభం. వెతకకుండా పది నెలలూ కూర్చుంటే, తప్పించుకోగలిగిన ఆ నష్టం అతనిదే. అయితే దూరంగా, రెట్టింపు అద్దెకు ఉన్న షెడ్డును తీసుకోలేదని తప్పుపట్టరు.