శొంఠి పద్దు మూడు మజిలీలు

మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగిసే వేళ దుకాణాలు సరిచూసుకునే జంటపద్దు విధానం ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టినది కాదు. 1300 ప్రాంతపు ఇటలీ వర్తకుల లెక్కల్లోనూ, 1340 నాటి జెనోవా నగర ఖాతాల్లోనూ అది అప్పటికే కనిపిస్తుంది. ఆ తరువాతి నూటయాభై ఏళ్లను ఇక్కడ ఒక్క అంగలో దాటవచ్చు, ఎందుకంటే 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథంలోని ఒక భాగం ఈ కథనంతటినీ తనలోకి లాక్కుంటుంది. సన్యాసి అయిన పాచోలీ వెనిస్ వర్తకుల అలవాటునే ఎంతో ఓపికగా, కాస్త చాదస్తంగా కూడా, అందులో వివరించాడు.

ఆయన పద్ధతిలో ఒక వ్యవహారాన్ని నడిపించి చూద్దాం. 500 డకాట్ల నగదు మూలధనంతో మొదలైన వర్తకుడు 100 డకాట్లు చెల్లించి శొంఠి కొన్నాడనుకుంటే, ఆ సంగతి ముందు చిత్తు పుస్తకంలోకి, అక్కడి నుంచి తేదీ క్రమంలో పద్దులు రాసే చిట్టాలోకి చేరుతుంది. శొంఠి వచ్చింది గనుక శొంఠి ఖాతాకు డెబిట్, నగదు పోయింది గనుక నగదు ఖాతాకు క్రెడిట్ రాసి, రెంటి మధ్య రెండు ఏటవాలు గీతలు గీస్తారు. తరువాత ఒక్కో ఖాతాకు ఎదురెదురు పుటలు కేటాయించిన ఆవర్జాలో, శొంఠి ఖాతా ఎడమవైపున 100, నగదు ఖాతా కుడివైపున 100 పడతాయి. డెబిట్ ఎక్కించగానే చిట్టా పద్దు మీద ఒక గీత, క్రెడిట్ ఎక్కించాక రెండో గీత కొడతారు, మార్జిన్‌లో రెండు ఆవర్జా పుటల సంఖ్యలు వేస్తారు. ఒంటి గీతతో మిగిలిన పద్దు సగమే ఎక్కిందని చూడగానే తెలుస్తుంది.

చివరి మజిలీ అంకణా, అంటే ఆవర్జాలోని డెబిట్లన్నీ ఒకవైపు, క్రెడిట్లన్నీ మరోవైపు కూడి సరిపోల్చే పట్టిక. ఇక్కడ డెబిట్లు నగదు 500, శొంఠి 100 కలిపి 600 కాగా, క్రెడిట్లు మూలధనం 500, నగదు 100 కలిపి 600. గుమాస్తా పొరపాటున నగదు క్రెడిట్‌ను డెబిట్ వైపు ఎక్కిస్తే అవి 700, 500గా మారతాయి. తేడా 200లో సగమైన 100ను వెదికితే తప్పిన పద్దు దొరుకుతుంది. శొంఠిని మిరియాల ఖాతాలో రాస్తే మాత్రం, తప్పు ఉండి కూడా అంకణా కుదురుతుంది.

పాచోలీ తరువాతి శతాబ్దాల్లో ఆయన గ్రంథంలోని ఆ భాగం అనేక భాషల్లోకి వెళ్లి, చివరికి తెలుగు వాణిజ్య పాఠ్యపుస్తకాల్లో చిట్టా, ఆవర్జా, అంకణాగా స్థిరపడింది. కంప్యూటర్ వచ్చాక ఈ వరుస చెదిరిపోయింది. వోచర్ నమోదు చేసిన క్షణంలోనే మిగతా రెండూ తయారవుతాయి, ఇరువైపులా సమానం కాని పద్దును సాధారణంగా యంత్రమే తిప్పికొడుతుంది కాబట్టి అంకణా కలవక తెల్లవార్లూ కూర్చునే అవస్థ తగ్గింది. మిరియాల ఖాతాలో పడ్డ శొంఠిని పట్టుకోవడానికి మాత్రం ఇప్పటికీ బిల్లులను, గోదాములోని సరుకును ఎదురెదురుగా పెట్టి చూడవలసిందే.