టర్బో బటన్ అసలు స్పీడ్ తగ్గించడానికా?

పాత కంప్యూటర్ల ఫొటోల్లో ముందువైపు "టర్బో" అని ఒక బటన్ చూశారా? ఆ బటన్ పెట్టిందే కంప్యూటర్‌ని స్లో చేయడానికి అంటే నమ్ముతారా?

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాని ప్రాసెసర్ ఇంటెల్ 8088, స్పీడ్ 4.77 మెగాహెర్ట్జ్. అందరి దగ్గరా ఉన్నది అదే స్పీడ్ కాబట్టి, గేమ్ రాసేవాళ్లలో చాలామంది గడియారం చూసే పని పెట్టుకోలేదు. గేమ్‌లో శత్రువు ఒక అడుగు వేసి కాసేపు ఆగాలంటే, ప్రాసెసర్‌తో ఊరికే అంకెలు లెక్కపెట్టించేవాళ్లు. మనం దాగుడుమూతల్లో కళ్లు మూసుకుని లెక్కపెడతాం చూడండి, అలాగే!

```
mov cx, 28000
again: loop again
```

అంటే 28,000 నుంచి సున్నా దాకా లెక్కపెట్టు, అంతే. 8088లో ఒక్కో లెక్కకి 17 క్లాక్‌లు పడతాయి. మొత్తం కలిపితే సుమారు 0.1 సెకను. సరిగ్గా కావాల్సినంత గ్యాప్.

ఇప్పుడు ఇదే గేమ్‌ని 66 మెగాహెర్ట్జ్ 486 మీద పెట్టండి. క్లాక్ స్పీడ్ పెరిగింది దాదాపు 14 రెట్లే. కానీ 486కి ఒక్కో లెక్కకి 7 క్లాక్‌లు చాలు. రెండూ కలిసేసరికి అదే లెక్క 33 రెట్లు త్వరగా, 3 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మీరు కీ మీద వేలు పెట్టేలోపే గేమ్ ఓవర్!

అందుకే టర్బో బటన్. మామూలుగా ఫుల్ స్పీడ్, పాత గేమ్ ఆడాలంటే టర్బో ఆఫ్. కానీ 486 లాంటి వాటిలో అది ఆఫ్ చేసినా స్పీడ్ చాలాసార్లు 4.77 దాకా దిగేది కాదు.

1990లో వచ్చిన వింగ్ కమాండర్‌ది ఇంకో రకం గోల. అంతరిక్షంలో ఫైటింగ్ గేమ్ అది. ఎంత త్వరగా బొమ్మ గీయగలిగితే అంత త్వరగా ఆట కూడా నడిచిపోయేది. 386 కాలంలో బాగానే ఉంది. పెంటియం వచ్చాక శత్రువు ఎదురుగా ఉన్నాడో వెనక ఉన్నాడో తెలిసేలోపే మీ షిప్ పేలిపోయేది! చివరికి 1996లో విండోస్ కోసం స్పీడ్ సరిచేసి మళ్లీ రిలీజ్ చేశారు.

ఇప్పుడు ఆడాలంటే డాస్‌బాక్స్ ఉంది. ఇందులో cycles అనే సెట్టింగ్ ఉంటుంది. మిల్లీసెకనుకి ఎన్ని ఆదేశాలు నడపాలో మనమే చెప్తాం. 300 పెడితే పైన చెప్పిన 28,000 లెక్కకి 93 మిల్లీసెకన్లు పడుతుంది, పాత పీసీలో పట్టినంత. ఆ 300తోనే వింగ్ కమాండర్ ఆడితే మాత్రం నత్తనడకే. దానికి వేలల్లో పెట్టాలి. ఆడుతూనే Ctrl+F12 నొక్కుతూ పెంచండి, మరీ పరిగెత్తితే Ctrl+F11తో తగ్గించండి.