స్టార్టప్ హోదాలను ఎలా తూచాలి?

సర్కారు కొలువులో ఎల్‌డీసీ, యూడీసీ, సూపరింటెండెంట్ అంటే వెనుక ఒక పే స్కేలు, ఒక సీనియారిటీ జాబితా ఉంటాయి. పేరు వింటే స్థాయి తెలిసిపోతుంది. స్టార్టప్‌లలో ఆ జాబితా ఉండదు. సంఘానికి వచ్చే బయోడేటాలను వడపోసి కంపెనీలకు పంపే పనిలో మేము మొదట్లో ఈ తేడా గమనించక, హోదా చూసి కొన్నిటిని పక్కన పెట్టేశాం.

డబ్బు తక్కువున్న కొత్త కంపెనీ జీతానికి బదులు హోదా ఇస్తుంది. ఖాతాదారుల ముందు పెద్ద పేరుంటే మాట చెల్లుతుందని కూడా ఇస్తుంది. అందుకే ఏడుగురున్న చోటా ‘హెడ్ ఆఫ్ ఇంజనీరింగ్’ కనిపిస్తారు. ఇది అభ్యర్థి చేసిన మోసం కాదు. ఇంకో పక్క, మెట్లు వద్దనుకునే కంపెనీలు చాలామందిని ‘మెంబర్ ఆఫ్ టెక్నికల్ స్టాఫ్’ అంటాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఎప్పటినుంచో వాడిన పేరిది. రెండేళ్ల అనుభవమూ పన్నెండేళ్ల అనుభవమూ ఆ ఒక్క పేరు కిందే దాగుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. బెంగళూరులో ఐదుగురు ఇంజనీర్లను నడిపే టీమ్ లీడ్ కావాలి. మొదటి బయోడేటాలో ‘హెడ్ ఆఫ్ ఇంజనీరింగ్’, 3 ఏళ్ల అనుభవం. రెండోదానిలో ‘మెంబర్ ఆఫ్ టెక్నికల్ స్టాఫ్’, 9 ఏళ్లు. హోదా మాత్రమే చూస్తే మొదటివారే ముందుంటారు. ఇద్దరినీ ఫోన్లో ఇవే నాలుగు ప్రశ్నలు అడగాలి:

1. మీరు చేరినప్పుడు కంపెనీలో ఎందరు, ఇప్పుడు ఎందరు?
2. మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, మీకు ఎవరు చేస్తారు?
3. ఎవరినీ అడగకుండా మీరు తీసుకోగల నిర్ణయం ఏది?
4. రాత్రిపూట సిస్టమ్ ఆగిపోతే ఫోన్ ఎవరికి వస్తుంది?

మొదటివారి కంపెనీలో ఏడుగురు, ఆయన కింద ఒక ఇంటర్న్, నిర్ణయాలన్నీ యజమానివే అనుకోండి. అది మంచి ఇంజనీరు స్థాయి. రెండో ఆమె కంపెనీలో రెండు వందల మంది. చెల్లింపుల విభాగం డిజైన్ ఆమెదే, నలుగురి కోడ్ ఆమె చూసి సరే అన్నాకే ముందుకు పోతుంది, రాత్రి ఫోన్ ఆమెకే. లీడ్ పనికి దగ్గరున్నది ఆమే.

కంపెనీ చిన్నదని మాత్రం తీసిపారేయకూడదు. మొదటి ఇంజనీరుగా చేరి, సిస్టమంతా తానే కట్టినవారూ ఏడుగురి కంపెనీలోనే ఉంటారు. వారిని మూడో ప్రశ్న బయటపెడుతుంది. జవాబులో ‘మేము’ అని మాత్రమే వినిపిస్తే, అందులో మీ వంతు ఏమిటని మళ్లీ అడగాలి.

పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో చేరిన, మానేసిన తేదీలు దొరుకుతాయి, హోదా బరువు దొరకదు. కాబట్టి బయోడేటా పైన హోదా పక్కనే పెన్సిల్‌తో టీమ్ సంఖ్య, నిర్ణయాధికారం రాసుకుని, అప్పుడే పక్కపక్కన పెట్టి పోల్చండి. మేమిప్పుడు అలాగే చేస్తున్నాం.