పసిపిల్లల అత్యవసర స్థితులు: ఒంట్లో నీరు తగ్గడం, ద్రవాల లెక్క, పుట్టిన బిడ్డల కామెర్లు

సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆస్పత్రి వంటి బోధనాస్పత్రుల పిల్లల విభాగాల్లో చదువుకునే ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థులు పరీక్షకు ముందు తప్పక తిరగేసే అంశాలు మూడున్నాయి. విరేచనాలతో వచ్చిన బిడ్డ ఒంట్లో ఎంత నీరు పోయిందో అంచనా కట్టడం మొదటిది, ఎంత ద్రవం ఎంత సేపట్లో ఇవ్వాలో లెక్క వేయడం రెండోది, పుట్టిన బిడ్డ పసుపెక్కితే ఏం చేయాలన్నది మూడోది. పాఠ్యగ్రంథాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి. పుట్టిన మొదటి వారంలో మాత్రం ఈ మూడూ ఒకే బిడ్డలో కలిసి రావచ్చు, అందుకే ఇక్కడ ఆ స్థితిని ఎక్కువగా విస్తరించాం.

ఈ జంట నగరాల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, వానలు మొదలవగానే విరేచనాల కేసులు పెరుగుతాయి. ఈ రెండు రుతువులనూ కింది విషయాల్లో గుర్తుంచుకోవాలి.

అంచనా

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక నాలుగు గుర్తులనే అడుగుతుంది: బిడ్డ తీరు, కళ్లు, దాహం, చర్మం. చిరాకుగా ఉండడం, కళ్లు లోపలికి పోవడం, ఆత్రంగా తాగడం, మడత నెమ్మదిగా సర్దుకోవడం అనేవాటిలో ఏ రెండున్నా కొంత నీరు తగ్గిందని అర్థం. మగతగా లేదా స్పృహ లేకుండా ఉండడం, కళ్లు లోతుకు పోవడం, తాగలేకపోవడం, మడత రెండు సెకన్లు దాటినా నిలవడం అనేవాటిలో రెండున్నా తీవ్రమైనట్టే. మొదటి స్థితిలో శరీర బరువులో సుమారు 5 నుంచి 10 శాతం, రెండోదానిలో 10 శాతం పైన నీరు పోయిందని సాధారణంగా అనుకుంటారు. ఇవి అంచనాలే, కొలతలు కావు.

చర్మం మడతను పరీక్షించడంలో విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. బొడ్డుకూ నడుము పక్కకూ మధ్యలో, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చర్మాన్ని శరీరం పొడవు వెంట పట్టుకోవాలి. అడ్డంగా పట్టకూడదు. ఒక సెకను ఉంచి వదలాలి. చిక్కిపోయిన బిడ్డలో నీరు తగ్గకపోయినా మడత నిలుస్తుంది, బొద్దుగా ఉన్న బిడ్డలో నీరు తగ్గినా మడత చప్పున సర్దుకుంటుంది. రక్తంలో సోడియం పెరిగిన బిడ్డలో చర్మం మెత్తటి పిండి ముద్దలా అనిపించవచ్చు, అప్పుడు మడత దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి ఇటీవలి బరువు తెలిసి ఉంటే ఏ గుర్తుకన్నా ఆ బరువునే నమ్మడం మేలు.

ద్రవాల లెక్క

కొంత నీరు తగ్గిన బిడ్డకు కిలోకు 75 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో చెంచాతోనో గ్లాసుతోనో పట్టాలి. తీవ్రమైతే కిలోకు 100 మి.లీ. రింగర్ లాక్టేట్ నరంలోకి ఇవ్వాలి. ఏడాది లోపు బిడ్డకు మొదటి 30 మి.లీ. ఒక గంటలో, మిగతా 70 మి.లీ. ఐదు గంటల్లో ఇస్తారు. ఏడాది దాటితే అవే పరిమాణాలు అరగంటలో, రెండున్నర గంటల్లో ఇస్తారు.

పదకొండు నెలల, 7 కిలోల బిడ్డను తీసుకుందాం. కళ్లు లోతుకు పోయి, తాగలేకపోతోంది కనుక తీవ్రమే. మొత్తం 700 మి.లీ. అందులో మొదటి గంటలో 210, తర్వాతి ఐదు గంటల్లో 490, అంటే గంటకు 98. మి.లీ.కు 20 చుక్కలు పడే సెట్టు అయితే మొదటి గంటలో నిమిషానికి 70 చుక్కలు, ఆ తర్వాత సుమారు 33. మైక్రో సెట్టులో మి.లీ.కు 60 చుక్కలు కాబట్టి గంటకు ఎన్ని మి.లీ. అంటే నిమిషానికి అన్ని చుక్కలు. మామూలు సెట్లు అన్నీ ఒకే రకం కావు. కొన్ని మి.లీ.కు 15 చుక్కలే వేస్తాయి, ప్యాకెట్ మీద ఉన్న అంకె చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు. నాడి ఇంకా పేలవంగా ఉంటే మొదటి 30 మి.లీ. భాగాన్ని మరోసారి ఇవ్వవచ్చు. నరం దొరకకపోతే ముక్కు గొట్టం ద్వారా ఓఆర్ఎస్‌ను గంటకు కిలోకు 20 మి.లీ. చొప్పున ఆరు గంటలు ఇస్తారు. బిడ్డ తాగగలిగిన క్షణం నుంచే నోటి ద్వారా కూడా మొదలుపెట్టాలి.

2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనం కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన పిల్లలకు వేగంగా ద్రవాలిస్తే మరణాలు పెరిగాయని తేల్చింది. దాన్ని విరేచనాల బిడ్డకు కూడా వర్తింపజేసి చేయి వెనక్కి తీయడం కొందరిలో కనిపిస్తుంది. ఆ అధ్యయనంలో విరేచనాల వ్యాధితో వచ్చిన పిల్లల్ని చేర్చలేదు కాబట్టి పై పట్టికనే పాటించడం సబబుగా తోస్తుంది. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డ సంగతి వేరు. అక్కడ నెమ్మదిగా, సాధ్యమైనంత వరకు నోటి ద్వారానే ఇవ్వాలి.

రోజువారీ అవసరానికి మాల్కమ్ హాలిడే, విలియమ్ సెగార్ 1957లో ప్రచురించిన లెక్కే ఇప్పటికీ వాడుకలో ఉంది: మొదటి పది కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి పదికి 50, ఆపైన 20. 18 కిలోల బిడ్డకు రోజుకు 1,400 మి.లీ. అవుతుంది. వారి పరిమాణం నిలిచింది గానీ వారు సూచించిన తక్కువ ఉప్పు ద్రవం నిలవలేదు. దానివల్ల ఆస్పత్రిలోనే సోడియం పడిపోతున్నదని గమనించి, అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో రక్తంతో సమాన గాఢత గల ద్రవాలనే సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు 28 రోజులు నిండిన పిల్లలకే, నెల లోపు బిడ్డకు ఈ లెక్క యథాతథంగా పనికిరాదు.

మొదటి వారం: మూడూ ఒకచోట

తల్లిపాలు సరిగా అందని బిడ్డ నాలుగో రోజుకో ఐదో రోజుకో బరువు తగ్గి, మూత్రం తగ్గి, పసుపెక్కి వస్తుంది. పాలు తక్కువైతే విరేచనం తక్కువ, విరేచనం తక్కువైతే పేగులోని బిలిరుబిన్ తిరిగి రక్తంలోకి చేరుతుంది. కామెర్లకూ నీరు తగ్గడానికీ ఇక్కడ మూలం ఒకటే. ఎండాకాలంలో గాలాడని గదిలో చుట్టిపెట్టిన బిడ్డలో ఇది మరీ వేగంగా జరుగుతుంది. డైపర్ మీద ఇటుకరాతి రంగు మరక, అయిదో రోజుకూ ఆగని నల్లని మెకోనియం తొలి సూచనలు.

ఉదాహరణకు, 38 వారాలకు పుట్టిన మొదటి కాన్పు బిడ్డ. పుట్టినప్పుడు 3.0 కిలోలు. ఐదో రోజు 2.52 కిలోలు, అంటే 16 శాతం తగ్గింది. ఏడు శాతం వరకు తగ్గడం మామూలు, పది దాటితే వెంటనే చూడాలి. బిడ్డ మందకొడిగా ఉంది గానీ నాడి బాగానే ఉంది, చప్పరిస్తోంది. సోడియం 160, బిలిరుబిన్ 19.2 మి.గ్రా. కళ్లు, మందకొడితనం చూసి ఈ బిడ్డను తీవ్రమైన కోవలో చేర్చి కిలోకు 100 మి.లీ. రింగర్ లాక్టేట్ వేగంగా ఎక్కిస్తే మెదడు వాచి మూర్ఛ రావచ్చు. ఎక్కువ సోడియానికి మెదడు కణాలు అలవాటు పడి ఉంటాయి. బయట గాఢత ఒక్కసారి తగ్గితే నీరు లోపలికి దూసుకెళ్తుంది.

షాక్ ఉంటే మాత్రం కిలోకు 10 నుంచి 20 మి.లీ. నార్మల్ సెలైన్ ఇచ్చి ముందు నాడిని నిలబెట్టాలి. ఈ బిడ్డకు షాక్ లేదు. కోల్పోయిన 480 మి.లీ.ను రెండు రోజులకు పంచి, రోజువారీ అవసరం కిలోకు 100 కలిపితే రోజుకు 540 మి.లీ. వస్తుంది. కాగితం మీద లెక్క సరైనదే, కానీ చాలామంది నవజాత వైద్యులు అంత తొందరపడరు. పుట్టిన బరువు మీద కిలోకు 120 చొప్పున, అంటే రోజుకు 360 మి.లీ. మొదలుపెడితే మూడు గంటలకోసారి 45 మి.లీ. వస్తుంది. తల్లి పిండిన పాలు, చాలకపోతే డబ్బాపాలు, ఉగ్గుగిన్నెతో కొలిచి పట్టాలి. ఆరు గంటలకోసారి సోడియం చూడాలి. గంటకు సగం యూనిట్, రోజుకు 10 నుంచి 12 యూనిట్లకు మించి తగ్గకూడదు. ఆరు గంటల్లో 160 నుంచి 157కు వస్తే సరే, 152కు పడితే తొందరైందని అర్థం, పరిమాణం తగ్గించాలి. బరువు రోజుకు రెండుసార్లు తూచాలి. చక్కెర నీళ్లు, గ్లూకోజు నీళ్లు ఇస్తే సోడియం ఉన్నట్టుండి పడిపోవచ్చు, పాల చోటును అవి ఆక్రమించడంతో కామెర్లు కూడా తగ్గవు.

కామెర్ల అంచనా

ముఖం నుంచి కాళ్ల దిశగా పసుపు పాకుతుందన్నది 1969లో క్రామర్ చెప్పిన పద్ధతి. చామనఛాయ బిడ్డలో కంటిచూపు అంచనా మరీ తప్పుతుంది, అందువల్ల అరచేతులు, అరికాళ్లు పసుపెక్కాయంటే వెంటనే రక్తపరీక్ష చేయాలన్నంత వరకే దాన్ని వాడుకోవాలి. పసుపు పుట్టిన 24 గంటల్లోపే కనిపిస్తే అది రుజువయ్యేదాకా జబ్బే. తల్లీబిడ్డల రక్తవర్గాలు, డైరెక్ట్ కూంబ్స్, జీ6పీడీ పరీక్షలు చేయాలి. గంటకు 0.2 మి.గ్రా. కన్నా వేగంగా పెరగడం కూడా ఎర్రకణాలు విరిగిపోతున్నాయని అనుమానించదగ్గ సూచన.

బిలిరుబిన్ అంకెను పోల్చే చికిత్స గీతను గంటల వయసు, గర్భ వారాలు, బిడ్డ స్థితి కలిపి నిర్ణయిస్తాయి. అమెరికా అకాడమీ 2004 పట్టికలో 38 వారాలు నిండి ఆరోగ్యంగా ఉన్న ఐదు రోజుల బిడ్డకు లైట్ మొదలుపెట్టే అంకె 21. మందకొడితనం వంటి ప్రమాద సూచన ఉంటే 18. పై బిడ్డ 19.2తో గీత దాటింది. ఆ మందకొడితనాన్ని లెక్కలోకి తీసుకోకపోతే గీత లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది, పరీక్షల్లోనూ వార్డుల్లోనూ ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. 2022లో వచ్చిన కొత్త పట్టికలో గీతలు కొంచెం పైకి జరిగాయి. ప్రతి గర్భ వారానికీ వేరు గీత ఉంది. వార్డులో ఏ పట్టిక గోడకు ఉందో, ఆ ఒక్కదాన్నే చివరిదాకా వాడడం మంచిది.

కాంతి చికిత్స మూలం ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రి. ఎండలో పెట్టిన బిడ్డ ఒంటిపై దుప్పటి కప్పిన చోట మాత్రమే పసుపు మిగిలిందని 1956లో సిస్టర్ జీన్ వార్డ్ గమనించారని ఒక కథనం. కిటికీలో మరిచిన రక్తపు సీసాలో బిలిరుబిన్ తగ్గిందని మరో కథనం. ఈ రెండూ ఒకదానికొకటి బలం చేకూర్చినవే గానీ, సిస్టర్ గమనింపే ముందన్నది ఎక్కువ నమ్మదగింది. అక్కడి క్రెమర్ బృందం 1958లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించింది. నీలికాంతి, సుమారు 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య, బిలిరుబిన్ ఆకృతిని మార్చి కాలేయం సాయం లేకుండానే బయటకు పోయేలా చేస్తుంది. బల్బు వెలుగుతోందంటే చాలదు, మీటరుతో తీవ్రత కొలవాలి. తీవ్ర చికిత్సకు చదరపు సెంటీమీటరుకు, నానోమీటరుకు కనీసం 30 మైక్రోవాట్లు కావాలి. కళ్లు కప్పి, డైపర్ మాత్రం ఉంచి, పాలు ఆపకుండా ఇవ్వాలి. లైట్ కింద చర్మం తెల్లబడుతుంది కాబట్టి ఆ తర్వాత కంటితో చూసిన రంగుకు విలువ లేదు.

ఇంట్లో ఉదయపు ఎండ చూపించడం ఇక్కడ చాలా కుటుంబాల్లో అలవాటు. దాని మోతాదు ఎవరికీ తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో సికింద్రాబాద్ ఎండలో పై బిడ్డ మరింత నీరు కోల్పోతుంది. ఆస్పత్రికి రావడం ఆలస్యమయ్యేది కూడా ఎక్కువగా ఈ నమ్మకంతోనే. బిడ్డ పాలు తాగడం మానేసినా, కీచుమని ఏడుస్తూ మెడ వెనక్కి విరిచినా మెదడుకు బిలిరుబిన్ చేరుతోందని భావించి, లైట్ వేస్తూనే రక్తమార్పిడికి సిద్ధం కావాలి.

బిలిరుబిన్ గీతకు తగినంత కిందికి దిగాక లైట్ తీసి, మరుసటి రోజు రక్తం మళ్లీ చూస్తారు. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, మలం సుద్దలా తెల్లగా ఉండి మూత్రం బట్టకు పసుపు అంటితే, కాంజుగేటెడ్ బిలిరుబిన్ పరీక్ష ఆలస్యం చేయకూడదు. పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డకు కసాయ్ శస్త్రచికిత్స రెండు నెలల లోపు జరిగితే ఫలితం మెరుగు.