కారే చెవి, కరిగే ఎముక: తార్నాక నుంచి కోఠీ దాకా ఒక పరిశీలన

ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే ఒక పీజీ విద్యార్థిని ఊహించవచ్చు. చిన్నప్పటి నుంచి ఎడమ చెవి కారుతూ ఉంటుంది. చీము ఎక్కువేమీ రాదు. పొద్దున లేచేసరికి దిండు గలేబు మీద పసుపు మరక, పక్కవాళ్లు ముఖం తిప్పుకునేంత కంపు, అంతే. తార్నాకలో మందుల షాపుకెళ్లి చుక్కల మందు కొంటాడు. కొద్దిరోజులు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది.

కొంచెమే కదా అన్న ఆ ధీమాతోనే వస్తుంది చిక్కు. కర్ణభేరి మధ్యలో చిల్లు పడితే జలుబు చేసినప్పుడల్లా చెవి ధారగా, జిగటగా కారుతుంది. చూడటానికి భయంగా ఉన్నా అది ఎముక జోలికి పోవడం తక్కువ. మందుతో ఆరాక చిల్లుకు అతుకు వేయవచ్చు. కొద్దిగా, దుర్వాసనతో, అప్పుడప్పుడు నెత్తుటి చారతో కారే చెవినే డాక్టర్లు ఎక్కువ అనుమానిస్తారు. వాళ్లు వెతికేది కొలెస్టియటోమా కోసం.

ఇది క్యాన్సర్ కాదు. ముక్కు వెనక నుంచి చెవికి గాలి అందించే గొట్టం సరిగా పనిచేయకపోతే, కర్ణభేరి పైభాగంలోని వదులు పొర లోపలికి గుంజుకుపోయి సంచిలా మారుతుంది. రాలిన చర్మం బయటికి రాలేక అందులో పేరుకుంటుంది, కుళ్లుతుంది. సంచి పెరుగుతూ చుట్టూ ఉన్న ఎముకను అరగదీస్తుంది. సాధారణంగా ముందు దెబ్బతినేది వినికిడి ఎముకల గొలుసులో మధ్యదైన దాగలి ఎముక. విచిత్రమేమిటంటే, తెగిన ఆ గొలుసుకు కొందరిలో సంచే వంతెనగా మారి శబ్దాన్ని లోపలికి చేరవేస్తుంది. అందుకే బాగా వినపడుతోందన్నది భరోసా కాదు.

కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి వంటి చోట మైక్రోస్కోపు కింద చెవి శుభ్రం చేసి చూస్తేనే ఆ సంచి బయటపడుతుంది. వినికిడి పరీక్ష, సీటీ స్కాన్ తర్వాత ఆపరేషన్ మాట వస్తుంది. పేరుకున్న మృతచర్మానికి రక్తనాళాలు ఉండవు, కాబట్టి మాత్రలు అక్కడికి చేరవు. చుక్కల మందు కంపును తగ్గిస్తుందే గానీ సంచిని కరిగించదు.

చెవి వెనకున్న మాస్టాయిడ్ ఎముకను డ్రిల్‌తో తొలిచి, దాని గాలి గదుల్లోకి పాకిన సంచిని వేళ్లతో సహా తీస్తారు. చెవి దారి వెనక గోడను ఉంచాలా, తీయాలా అన్నదే అసలు నిర్ణయం. ఉంచితే చెవి సహజంగా ఉంటుంది గానీ మిగిలిన ముక్క మళ్లీ పెరగవచ్చు. అందుకే ఏడాది అటూ ఇటూగా రెండోసారి తెరిచి చూడటమో, ప్రత్యేక ఎంఆర్ఐ తీయడమో ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్క ఆ ఎంఆర్ఐకీ దొరక్కపోవచ్చు. గోడ తీస్తే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. బదులుగా మిగిలే గుంతను జీవితాంతం శుభ్రం చేయించుకోవాలి, నీళ్లు పోకుండా చూసుకోవాలి. సంచి బాగా పాకి, మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోలేని రోగికి గోడ తీయడమే మేలని చాలామంది సర్జన్ల అభిప్రాయం. వినికిడి రెండో లక్ష్యమే. ముందు చెవి ఆరాలి, ప్రమాదం తప్పాలి.

ఆపరేషన్ తేదీ కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. చెవి ముందున్న చిన్న మెత్తటి ఎముకను నొక్కితే కళ్లు తిరిగినా, మూతి వంకరపోయినా, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, వాంతులు వచ్చినా ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి. సంచికీ మెదడుకూ మధ్య ఉన్నది పలుచటి ఎముక రేకు మాత్రమే.